పొట్లంలో మూడో మాత్ర

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, మెట్ల కింద పది అడుగుల వెడల్పున్న కళ్లద్దాల దుకాణం బాలరాజుది. ఇరవై తొమ్మిదేళ్లుగా అందులో కూర్చుని ఊరందరి కళ్లూ చూశాడు. కళ్ల డాక్టరు రాసిచ్చిన చీటీ తెస్తే దాని ప్రకారం అద్దాలు అరగదీసి బిగించి ఇస్తాడు. చీటీ లేకుండా వచ్చి "ఉన్నట్టుండి కనపడతలేదు, నంబరు మార్చు" అనేవాళ్లను మాత్రం ముందు ఒక మాట అడుగుతాడు.

"షుగరుందా? ఈ మధ్య ఎంతున్నది?"

ఎక్కువుందని చెబితే అద్దాలు చెయ్యడు. "పోయి షుగర్ తగ్గించుకొని నెలన్నర ఆగి రండి. ఇప్పుడు చేస్తే అప్పటికి పనికిరావు" అని పంపేస్తాడు. చేతికొచ్చిన గిరాకీని వెనక్కి పంపుతున్నాడని పక్క దుకాణంలో గడియారాలు బాగుచేసే కిషన్ ఎన్నోసార్లు నవ్వాడు. బాలరాజు పట్టించుకోలేదు. రక్తంలో చక్కెర పెరిగితే కంట్లో సహజంగా ఉండే కటకం ఉబ్బి చూపు మారుతుందని, తగ్గితే మళ్లీ మారుతుందని ఆయన పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. అద్దాలు తిరిగి తెచ్చి కౌంటరు మీద పెట్టిన మనుషులను చూసి నేర్చుకున్నాడు.

ఆయనకూ షుగరుంది. యాభయ్యో ఏట బయటపడింది, ఇప్పుడు యాభై ఆరు. ఈ ఆరేళ్లలో ఒక్కసారీ గాడి తప్పలేదు. నాంపల్లి స్టేషన్ వెనకున్న ఇంటి నుంచి దుకాణానికి రోజూ నడిచే వెళతాడు. ఒకపూట అన్నం, రెండోపూట జొన్నరొట్టె. మూడు నెలలకోసారి చేసే పరీక్షలో సగటు ఎప్పుడూ ఏడు లోపే. నాంపల్లిలో షుగర్ క్లినిక్ నడిపే డాక్టర్ శ్రీవిద్య కొత్తగా షుగర్ వచ్చి బెదిరిపోయినవాళ్లకు ఆయన ఫైలు తీసి చూపించేది. ఆ సంగతి బాలరాజు ఎవరితోనూ అనలేదు గాని, మనసులో మాత్రం దాచుకున్నాడు.

అందుకే ఆగస్టులో లాబ్ ఇచ్చిన రక్తపరీక్ష చీటీ మీద రెండు వందల ఎనభై ఆరు అని చూసినప్పుడు ముందు నమ్మలేదు. వేరే ఎవరి రక్తమో కలిసిందనుకున్నాడు. మర్నాడు భోజనమయ్యాక ఇంకో లాబ్‌కు వెళ్లి ఇచ్చి వచ్చాడు. అక్కడ మూడు వందల రెండు వచ్చింది.

ఇంటికొచ్చి ఆ కాగితం భార్య వనిత చేతిలో పెట్టాడు. వనిత రెండుసార్లు చూసింది.

"బయట ఏమన్న తిన్నరా?"

"ఏం తినలే."

"కిషన్ తోని కలిసి చాయ్‌లు గిట్ల..."

"చక్కెర లేని చాయ్ తాగుతున్న. పోయి కిషన్‌నే అడుగు."

మరునాటి నుంచి వనిత అన్నం మానేసి రెండు పూటలా రొట్టె చేసింది. వారం తర్వాత రొట్టెలు మూడు నుంచి రెండయ్యాయి. బాలరాజు సాయంత్రం నడకను అరగంట నుంచి గంట చేశాడు. పండ్లు మానేశాడు. పెళ్లిళ్లకు వెళ్లి అక్షింతలు వేసి తినకుండా తిరిగొచ్చాడు. నాలుగు కిలోలు తగ్గాడు. చక్కెర మాత్రం తగ్గలేదు. సెప్టెంబరు మొదటి వారంలో మధ్యాహ్నం చూస్తే మూడు వందల ముప్పై ఎనిమిది.

అప్పటికి చూపు కూడా మసకేసింది. సాయంత్రమయ్యేసరికి చీటీల మీద అంకెలు అలుక్కుపోయేవి. అద్దం మీద చుక్క పెట్టాల్సిన చోట చెయ్యి తడబడేది. ఎంతోమందికి చెప్పిన మాట తనకూ వర్తిస్తుందని తెలిసి అద్దాలు మార్చుకోలేదు. కళ్లు చికిలించుకునే పని చేశాడు.

అంతకన్నా కష్టమైంది ఇంట్లో చూపులు భరించడం. సాయంత్రం ఆయన చొక్కా తీసి తగిలించాక వనిత జేబులు తడిమేది. ఏ మిఠాయి కాగితమో దొరుకుతుందని. స్క్రూలు, మడతపెట్టిన బిల్లులు తప్ప ఏమీ దొరికేవి కావు. ఒకరోజు ఆయన అది చూశాడు. ఆమె సిగ్గుపడి చొక్కా వదిలేసింది.

"నా మీద నమ్మకం లేదా?" అన్నాడు.

"నమ్మకం లేక కాదు. మా నాయన గిట్లనే దాచుకొని తిని కాలు పోగొట్టుకున్నడు. నాకు భయమైతున్నది" అంది వనిత.

ఆయన నిజంగానే ఒకటి దాస్తున్నాడు. అది తినేది కాదు.

జూలై నెలలో దుకాణమున్న భవనానికి నోటీసు అంటించారు. కట్టడం పాతబడి పగుళ్లిచ్చింది, ప్రమాదకరంగా ఉంది, నవంబరు ఆఖరులోగా ఖాళీ చెయ్యాలి అని. కింద కిషన్ గడియారాల దుకాణం, పైన ఇద్దరు టైలర్లు, మెట్ల కింద తను. ఇరవై తొమ్మిదేళ్లు అక్కడే ఉన్న మనిషికి ఇంకోచోట తనను వెతుక్కుంటూ ఎవరొస్తారన్నది అర్థం కాలేదు. ఏదో ఒక దారి దొరికాక చెబుదామని ఇంట్లో చెప్పలేదు. కూతురు శ్రీనిధి డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది, పరీక్షల ముందు ఆ పిల్లకు ఈ ఫికర్ ఎందుకనుకున్నాడు. పక్కమీద పడుకుంటే ఒంటిగంటకో రెండింటికో కన్నంటేది. నాలుగున్నరకు స్టేషన్‌లో బండి కూత వినపడగానే మెలకువ వచ్చేసేది.

ఆ నోటీసు కంటే ముందు నుంచే కుడి మణికట్టు నొప్పి కూడా ఉంది. ఏళ్ల తరబడి అద్దాల అంచులు అరగదీసిన చెయ్యి. జూన్ చివర్లో స్క్రూడ్రైవరు పట్టుకోలేకపోయాడు. ఇంటి దగ్గరి గల్లీలో చిన్న గది పెట్టుకుని జ్వరాలకూ నొప్పులకూ మందులిచ్చే ఒకాయన దగ్గరికి వెళ్లాడు. ఆయన చెయ్యి నొక్కి చూసి, కాగితపు పొట్లాల్లో మాత్రలు కట్టి ఇచ్చాడు. ఒక్కో పొట్లంలో మూడు. పొద్దున టిఫినయ్యాక ఒక పొట్లం. రెండు రోజుల్లోనే నొప్పి మాయమైంది. వారం పొట్లాలు అయిపోగానే నొప్పి మళ్లీ వచ్చింది, బాలరాజు మళ్లీ వెళ్లాడు. అప్పటి నుంచి అదే వరస. పొట్లాలు దుకాణం సొరుగులో స్క్రూల డబ్బా పక్కన ఉండేవి. పదింటికి దుకాణం తెరిచి, తెచ్చుకున్న టిఫిను తిని ఒకటి వేసుకునేవాడు. దాన్ని ఆయన మందు లెక్కలో వెయ్యలేదు. తలనొప్పికి గోలీ వేసుకున్నట్టే అనుకున్నాడు.

అందుకే సెప్టెంబరులో శ్రీవిద్య "వేరే ఏమన్నా మందులు వాడుతున్నారా?" అని అడిగితే "లేదు మేడం" అన్నాడు. అబద్ధం చెబుతున్నానని ఆయనకు అనిపించలేదు. ఆమె రాత్రి భోజనానికి ముందు వేసుకోవాల్సిన ఇంకో మాత్ర రాసింది. "పది రోజులు చూద్దాం. తగ్గకపోతే ఇన్సులిన్ మొదలుపెడదాం" అంది. బయటికొచ్చాక వనిత మెట్ల దగ్గర కాసేపు నిలబడిపోయింది. వాళ్ల నాన్నకూ ఇన్సులిన్‌తోనే మొదలైందని ఆమెకు గుర్తు. ఇన్సులిన్ వల్ల కాదు, అప్పటికే ఆలస్యమైనందువల్ల కాలు పోయిందని ఎవరూ ఆమెకు విడమరిచి చెప్పలేదు.

ఎనిమిదో రోజు తెల్లవారుజామున ఇల్లంతా లేచింది. బాలరాజుకు ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, గుండె దడ. మంచం మీద లేచి కూర్చుని ఏదో చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది. వనిత గుండె నొప్పేమోనని కేకేసింది. శ్రీనిధి పరుగున వచ్చి, బీరువా మీదున్న మీటరు తీసి తండ్రి వేలికి సూది గుచ్చింది.

"యాభై నాలుగు" అంది. మళ్లీ చూసింది. "అమ్మా, ఎక్కువ కాదు, తక్కువైంది. చక్కెర తే."

నెల రోజులకు పైగా ఆ ఇంట్లో చక్కెర డబ్బా అటక మీదుంది. వనిత స్టూలెక్కి దించింది. మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించారు. పావుగంట తర్వాత ఎనభై రెండు. అప్పుడొక రొట్టె తినిపించారు. ఆరింటికల్లా బాలరాజు మామూలుగా మాట్లాడాడు. ఆయన మొదట అన్న మాట ఇది:

"రాత్రి ఎనిమిది గంటలకు మూడు వందల పది ఉండె. పొద్దున యాభై నాలుగు ఎట్లయితది?"

అదే ప్రశ్నతో ముగ్గురూ క్లినిక్ తెరిచే వేళకు మెట్ల మీద కూర్చున్నారు.

శ్రీవిద్య రావడానికి ఇంకా గంట ఉంది. లోపల విక్టోరియా ఉంది. మెదక్ నుంచి వచ్చి నర్సింగ్ చదివి, షుగరు ఉన్నవాళ్లకు తిండి, మందులు, సూదులు ఎలా వాడాలో నేర్పే పని చేస్తుంది. జరిగింది విని మీటరు తీసుకుని పాత రీడింగులన్నీ వెనక్కి తిప్పింది. ఒక్కొక్క దాని పక్కన వేళ రాసుకుంది. తర్వాత ఫైల్లో లాబ్ చీటీలు తీసి వాటి వేళలూ చూసింది.

"అంకుల్, మీరు ఎప్పుడూ మధ్యాహ్నమే ఎందుకు చూసుకున్నరు?"

"దుకాణంల నుంచి పోయేది గప్పుడే కదమ్మ. ఇంట్ల అయితే సాయంత్రం చూస్కుంటున్న."

"పొద్దున లేవంగనే ఒక్కసారి కూడా చూడలే."

"లే."

శ్రీవిద్య వచ్చాక ఇద్దరూ కాసేపు లోపల మాట్లాడుకున్నారు. ముందుగా రాత్రి మాత్ర ఆపించారు. మూడు రోజుల పాటు రోజుకు ఐదుసార్లు చూసి రాయమని ఒక కాగితం ఇచ్చారు. చివరి గడి నిద్రది. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు. నాలుగోరోజు రమ్మని, వచ్చేటప్పుడు నోట్లో వేసుకునేవి, ఒంటికి రాసుకునేవి, కంట్లో వేసుకునేవి అన్నీ ఒక సంచిలో తెమ్మని విక్టోరియా చెప్పింది.

నాలుగోరోజు వనిత సంచి కుమ్మరించింది. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు, కంటి చుక్కలు, నొప్పి బామ్, మెంతుల పొడి డబ్బా. విక్టోరియా వాటిని ఒక పక్కకు జరిపి కాగితం చేతిలోకి తీసుకుంది. మూడు రోజులూ అదే ఆకారం. లేవగానే నూట పద్దెనిమిది, నూట ఇరవై ఆరు, నూట ఇరవై రెండు. మధ్యాహ్నం భోజనానికి ముందే నూట తొంభై. భోజనమయ్యాక మూడు వందలకు అటూ ఇటూ. సాయంత్రం ఇంకా ఎక్కువ. పడుకునే ముందు దిగుముఖం.

"తిండి తోనే పెరిగితే తిన్నప్పుడల్ల పెరిగి మళ్ల దిగాలె. రాత్రి అంతా ఏం తినకుంటే పొద్దుటికి ఇంత బాగుంటున్నది, మధ్యాహ్నం తినక ముందే ఎక్కడం మొదలైతున్నది, సాయంత్రం దాకా ఆగుతలేదు" అంటూ ఆమె గీత గీసి చూపించింది. "పొద్దున లేచినంక మధ్యాహ్నం లోపు మీరేం చేస్తరు అంకుల్?"

"దుకాణం తెరుస్త. ఊడుస్త. టిఫిన్ తింట."

"తిన్నంక?"

"ఏం లే. చెయ్యి నొప్పికి గోలీలు వేస్కుంట."

విక్టోరియా పెన్ను కింద పెట్టింది. "అవి ఈ సంచిల లేవు."

"దుకాణంల ఉన్నయి. గవి షుగర్‌వి కావు కదమ్మా."

"జర తెస్తరా?"

బాలరాజు ఆటోలో వెళ్లి అరగంటలో తెచ్చాడు. పొట్లం విప్పితే మూడు మాత్రలు. పసుపుది ఒకటి, గులాబి రంగుది ఒకటి, చిన్న తెల్లది ఒకటి. పేరు లేదు, ముద్ర లేదు. శ్రీవిద్య వాటిని అరచేతిలో వేసుకుని చూసింది. చూసి చెప్పడం కుదరదంది. ఇచ్చినాయన నంబరు అడిగి, అక్కడే అందరి ముందూ ఫోన్ చేసింది.

ఆమె నింపాదిగానే మాట్లాడింది. అవతలి మనిషి ముందు "నొప్పి గోలీలే మేడం" అన్నాడు. పసుపుది నొప్పికి, గులాబిది గ్యాసుకు అన్నాడు. "మూడోది?" అని ఆమె రెండోసారి అడిగింది. అప్పుడు "ప్రెడ్నిసొలోన్ మేడం. ఇరవై మిల్లీగ్రాములది. ఐదు రోజులకే ఇద్దామనుకున్న. ఆయననే మళ్ల మళ్ల వచ్చిన్రు. షుగర్ ఉన్నదని నాకు చెప్పలేదు" అన్నాడు.

"మీరు అడిగారా?"

ఫోన్ పెట్టేసి శ్రీవిద్య బాలరాజు వైపు తిరిగింది. "అది స్టెరాయిడ్, బాలరాజు గారూ. వాపును బాగా తగ్గిస్తుంది, అందుకే నొప్పి పోయింది. కానీ లివర్ చేత ఎక్కువ చక్కెర వదిలిస్తుంది, ఒంట్లో ఉన్న ఇన్సులిన్ పని చెయ్యకుండా అడ్డుపడుతుంది. పొద్దున వేసుకుంటే దాని జోరంతా మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. తెల్లారేసరికి దిగిపోతుంది. మీరు ఉపవాసమున్నా ఆ పూట పెరుగుతుంది. నేను మధ్యాహ్నం అంకె ఒక్కటే చూసి రాత్రికి మందు పెంచాను. ఆ వేళకు మీకు అవసరం లేదు. అందుకే తెల్లవారుజామున పడిపోయింది. అది నేనూ ముందే చూడాల్సింది."

వనిత ముందుకు వంగింది.

"అంటే ఈయన ఏం తినలేదా?"

"ఏమీ తినలేదమ్మా. ఈ కాగితం చూస్తే తెలిసిపోతుంది. తినాల్సిన దానికంటే తక్కువే తిన్నారు."

వనిత తలొంచుకుని కొంగు వేలికి చుట్టుకుంది. బాలరాజు మాత్రం కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. రెండు నెలలుగా భుజాలు బిగబట్టుకుని కూర్చున్నాడన్న సంగతి అవి వదులయ్యాకే ఆయనకు తెలిసింది.

"అయితే ఇయ్యాల్టి నుంచి ఆ తెల్లది పారేస్త" అన్నాడు.

"అదొక్కటి మాత్రం చెయ్యకండి" అంది శ్రీవిద్య. "రెండున్నర నెలలు బయటి నుంచి ఇస్తుంటే, ఒంట్లో అలాంటిదాన్నే తయారుచేసే గ్రంథి తన పని తగ్గించుకుంటుంది. ఒక్కసారిగా ఆపితే నీరసం, వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం జరగొచ్చు. మెల్లగా తగ్గిద్దాం. ఏ వారం ఎంతో రాసిస్తాను."

కాగితం మీద నిద్ర గడి ఇంకా మిగిలే ఉంది. విక్టోరియా దాని మీద వేలు పెట్టింది. మూడు గంటలు, మూడున్నర, మూడు. "ఇది కూడా అడగాలె. ఎప్పటి నుంచి ఇట్లున్నది? ఏమన్న మనసుల ఉన్నదా?"

బాలరాజు భార్య వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. ఇంట్లో చెప్పలేని మాట ఆ తెల్ల గోడల గదిలో ఎందుకో సులువుగా వచ్చింది. నోటీసు సంగతి మొత్తం చెప్పాడు. ఏ రోజు అంటించారో, ఎవరెవరిని కలిసి వచ్చాడో, నవంబరు ఆఖరుకు ఎన్ని రోజులున్నాయో కూడా.

"గిదా?" అంది వనిత. "ఇన్ని రోజులు గిది దాచిన్రా?"

"మీకెందుకు ఫికర్ అని..."

"నేను మీ జేబులు వెతుక్కుంట కూసున్న. చెప్తే ఇద్దరం కలిసి జాగ వెతుకుతుంటిమి."

శ్రీవిద్య వాళ్లను కాసేపు మాట్లాడుకోనిచ్చి, తర్వాత చెప్పింది. మనిషికి దిగులు పట్టినా, నిద్ర చాలకపోయినా ఒళ్లు ఆపదలో ఉన్నామనుకుని కార్టిసాల్ అనే హార్మోనును ఎక్కువ వదులుతుందని, ఆ తెల్ల మాత్ర దానికి దగ్గరి చుట్టమేనని. ఒళ్లు పరుగెత్తడానికో పోట్లాడటానికో సిద్ధపడి రక్తంలోకి చక్కెర తోస్తుంది, పరుగెత్తేది మాత్రం ఏమీ ఉండదు. పైగా ఆ మాత్ర కూడా కొందరికి నిద్ర చెడగొడుతుంది. "అసలు పెద్ద వాటా మాత్రదే. దిగులు, నిద్రలేమి దానికి తోడయ్యాయి. ఒక్కటి తీసేసి మిగతా రెంటినీ వదిలేస్తే సగం పనే అవుతుంది" అంది.

మూత్రపిండాలు నొప్పి మాత్రలకు దెబ్బతిన్నాయేమో చూడటానికి ఆ రోజే రక్తం తీసుకున్నారు. సాయంత్రానికి బాగానే ఉన్నాయని ఫోన్ వచ్చింది. చేతి సంగతి చూడమని ఎముకల డాక్టరు దగ్గరికి పంపారు. బొటనవేలి మొదట్లో కీలు అరిగిందని, ఒక పట్టీ, కొన్ని వ్యాయామాలు, పూసుకునే మందు ఇచ్చాడాయన. షుగరుకు రాత్రి మాత్ర బదులు పొద్దున మాత్ర వచ్చింది. తెల్ల మాత్ర తగ్గేకొద్దీ దాన్నీ తగ్గించాలని, లేకపోతే మళ్లీ పడిపోతుందని విక్టోరియా మూడుసార్లు చెప్పి, శ్రీనిధి చేత తిరిగి చెప్పించుకుంది.

ఆ వారాలు తేలిగ్గా గడిచాయని చెప్పలేం. తెల్ల మాత్ర ఇరవై మిల్లీగ్రాముల నుంచి పదిహేనుకు, పదిహేను నుంచి పదికి దిగింది. పది దగ్గర చెయ్యి మళ్లీ నొప్పెట్టి, పట్టీ కట్టుకుని అద్దాలు అరగదీసే పని రోజుకు సగానికి తగ్గించాడు. ఒకరోజు బాగా నీరసమనిపిస్తే శ్రీవిద్య ఇంకో వారం అక్కడే ఆపి తర్వాత దించింది. అంకెలు మాత్రం మెట్లు దిగినట్టు దిగాయి. సాయంత్రం మూడు వందలు రెండు వందల నలభై అయింది, తర్వాత రెండు వందల పది, దసరా దాటాక నూట ఎనభై. వనిత మళ్లీ మధ్యాహ్నం అన్నం వండింది. మొదటి రోజు ఆయన ముందు పళ్లెం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఇంకొంచెం పెట్టుకోండి. మరీ పిట్ట లెక్క తింటున్నరు."

ఆయన నవ్వి పెట్టుకున్నాడు.

నిద్ర అంత త్వరగా రాలేదు. సాయంత్రం నాలుగు దాటాక చాయ్ మానేశాడు, ఫోన్ పక్క గదిలో పెట్టాడు. అన్నిటికంటే పనిచేసింది పడుకునే ముందు వనితతో ఆ రోజు చూసొచ్చిన జాగాల గురించి మాట్లాడటం. ఇద్దరూ ఆదివారాలు తిరిగారు. బేగంబజార్ వైపు చూశారు, అఫ్జల్‌గంజ్ చూశారు. ఎక్కడా కుదరలేదు. చివరికి కిషన్ ఒకరోజు మధ్యాహ్నం పరుగెత్తుకుంటూ వచ్చాడు. నాంపల్లి రోడ్డు మీద ఒక పాత జిరాక్సు దుకాణం ఖాళీ అవుతోంది, ఒక్కడికి పెద్దది, ఇద్దరికి సరిపోతుంది.

"సగం నీకు, సగం నాకు. గడియారం చూపించుకోనికి వచ్చినోడు టైము కనపడతలేదంటే నీ దిక్కు పంపుత" అన్నాడు.

నవంబరు రెండో వారంలో సామాను తరలించారు. శ్రీనిధి దుకాణంలోని పాత గిరాకీల కార్డుల నుంచి ఫోన్ నంబర్లు తీసి ఆరు వందల మందికి కొత్త చిరునామా పంపింది. మొదటి వారంలోనే నూట ముప్పై మంది జవాబిచ్చారు. ఒక ముసలాయన అల్వాల్ నుంచి వచ్చి, ఎక్కడికి పోతే అక్కడికి వస్తానని చెప్పి, అద్దాల కాడకు ఒక స్క్రూ వేయించుకుని వెళ్లాడు.

తెల్ల మాత్ర ఆఖరిది నవంబరు పద్దెనిమిదిన వేసుకున్నాడు. ఆ మరుసటి రోజు గల్లీలో ఉన్న చిన్న గదికి వెళ్లాడు. పొట్లాలిచ్చినాయన బాలరాజును చూసి లేచి నిలబడ్డాడు. కొట్లాటకు వచ్చాడనుకున్నట్టుంది.

"కొట్లాటకు రాలే సార్" అన్నాడు బాలరాజు. "నా తప్పు గూడ ఉన్నది, షుగర్ ఉన్నదని నేను చెప్పలే. మీరు అడగలే. ఇయ్యాల్టి నుంచి పొట్లం మీద మందు పేర్లు రాయుండ్రి. షుగర్ ఉన్నదా అని ఒక్క మాట అడుగుండ్రి. గంతే."

ఆయన మెల్లగా తలూపాడు. "రాస్త" అన్నాడు. నిజంగా రాశాడో లేదో బాలరాజు తర్వాత రెండుసార్లు తొంగిచూశాడు. రెండోసారి వెళ్లినప్పుడు వరుసలో నిలబడ్డ ఒక అమ్మ చేతిలో పొట్లం మీద పెన్నుతో రాసిన పేర్లు కనపడ్డాయి.

జనవరిలో మూడు నెలల సగటు చూస్తే ఏడు పాయింట్ రెండు వచ్చింది. అక్టోబరులో ఎనిమిది పాయింట్ ఏడు ఉండేది. శ్రీవిద్య ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, పాత మందులు చాలని చెప్పింది. షుగర్ ఉంది, ఉంటుంది, ఈ అంకెలో స్టెరాయిడ్ వాడిన రోజుల వాటా ఇంకా కొంచెం ఉంది, వచ్చేసారి ఇంకా తగ్గొచ్చంది. ఎప్పుడైనా పంటి డాక్టరు దగ్గరికైనా, చర్మం డాక్టరు దగ్గరికైనా, కీలులో సూది వేయించుకోవడానికైనా పోతే ముందు షుగర్ ఉందని చెప్పి, రాసేది స్టెరాయిడా అని అడగమంది.

"అవసరమైతే వేసుకోవాల్సి రావొచ్చు. అప్పుడు వేసుకోండి. తెలిసి వేసుకుంటే మనం షుగర్ మందు సర్దుకుంటాం."

బయటికొచ్చేసరికి నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు పోయే జనంతో నాంపల్లి రోడ్డంతా నిండిపోయి ఉంది. ఆటోలు కదలడం లేదు. ఇంటికి నడుద్దామన్నాడు బాలరాజు.

"లోపటికి పోదామా?" అంది వనిత. "పెండ్లయిన కొత్తల పోయినం. మళ్ల పోనే లేదు."

"దుకాణం..."

"కిషన్ చూస్కుంటడు. పోదాం పాండ్రి."

టికెట్లు తీసుకుని లోపలికి వెళ్లారు. వనిత ఒక కాశ్మీరు శాలువా బేరం చేస్తుంటే ఆయన పక్కన నిలబడి ఎదురు వరుసలోని బోర్డులు ఒక్కొక్కటిగా చదివాడు. చిన్న అక్షరాలవి కూడా, ఆ పాత అద్దాలతోనే.

"ఏం చూస్తున్నరు?" అంది ఆమె.

"ఏం లే. బేరం చెయ్యి" అన్నాడు. ఆమె ఇంకో యాభై తగ్గించమని మళ్లీ మొదలుపెట్టింది.